బ్లాక్ చేసిన గదులు చివరి నిమిషంలో తిరిగి వస్తున్నాయా? ట్రావెల్ ఏజెంటుకు ఉత్తరం ఇలా రాయండి

సమస్య: పట్టి ఉంచిన గదులు పండగ ముందు ఖాళీగా మిగులుతున్నాయి

అరకులో మా లాడ్జికి కోల్‌కతా బృందాలను తెచ్చేది విశాఖలోని ఒక ఏజెంటు. డిసెంబర్ 24 నుంచి అయిదు రాత్రులకు ఆయన కోసం పది గదులు బ్లాక్ చేశాం. 21వ తేదీ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది: "నాలుగు చాలండీ, మిగతా ఆరూ మీరు అమ్ముకోండి." అప్పటికి ఎవరికి అమ్ముతాం? నవంబర్ నెల ఎంక్వైరీ పుస్తకం తిరగేస్తే, మా చేత్తోనే "గదులు లేవు" అని రాసి పంపేసిన కుటుంబాలు పదకొండు తేలాయి.

కారణం

తప్పు ఏజెంటుది అనుకున్నాను. పాత ఉత్తరం తీసి చూస్తే అందులో ఉన్నది ఒకే వాక్యం: "పదిహేను రోజుల ముందు తెలియజేయగలరు." తెలియజేయకపోతే ఏమవుతుందో రాయలేదు. జవాబు రాకపోతే గదులు మావేనని మేము, తనవేనని ఆయన అనుకున్నాం. ఆ వాక్యాన్ని బట్టి చూస్తే ఇద్దరి మాటా చెల్లుతుంది.

పరిష్కారం

"ఇన్ని రోజుల ముందు" అనకుండా తేదీ, గంట రాయాలి. జవాబు రాకపోతే గదులు వాటంతట అవే వెనక్కి వస్తాయని కూడా రాయాలి.

ఆ తేదీని ఊహించి పెట్టకండి. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబర్ 24న అరకు చేరే బృందానికి హౌరా నుంచి టికెట్లు అక్టోబర్ నాలుగో వారంలోనే తీయాలి. అంటే నవంబర్ మొదటి వారానికి ఎందరు వస్తారో ఏజెంటుకు దాదాపు తెలిసిపోతుంది. అందుకే మొదటి రిలీజ్ తేదీ నవంబర్ 9, అంటే 45 రోజుల ముందు. అంతకంటే బాగా ముందు అడిగితే టికెట్లే తీయని మనిషిని లెక్క చెప్పమన్నట్టు అవుతుంది, ఒప్పుకోరు. రెండోది డిసెంబర్ 3, అంటే 21 రోజుల ముందు. నేరుగా వచ్చే కుటుంబాలకు గదులు అమ్ముకోవడానికి ఆ మూడు వారాలు మనకు కావాలి.

సమస్య: "మరో చోట 20 శాతం ఇస్తున్నారు" అంటూ ఏజెంటు వెనక్కి తగ్గుతున్నారు

కమీషన్ పెంచకుండా తేదీలు మాత్రం ముందుకు జరపమంటే బేరం తెగుతుంది. ఒకసారి లెక్క వేయండి. గది అద్దె రోజుకు 3,000. పది గదులు, అయిదు రాత్రులు కలిపి 1,50,000. కమీషన్ 15 నుంచి 20 శాతానికి పెంచితే మనకు అదనంగా పడేది 7,500. ఆరు గదులు అయిదు రాత్రులు ఖాళీగా ఉంటే పోయే అద్దె 90,000. కాబట్టి శాతం దగ్గర పట్టు సడలించి, తేదీ దగ్గర బిగించండి. పెంచిన అయిదు శాతం మాత్రం గడువులోపు పేర్లు ఇచ్చిన గదులకే.

సమస్య: ఒప్పుకున్నదానికంటే ఎక్కువ కమీషన్ కోసుకుంటున్నారు

దేని మీద శాతమో రాయకపోవడమే దీనికి కారణం. అద్దె 3,000, భోజనం 800, రెండింటి మీద పన్ను 5 శాతం చొప్పున 190, మొత్తం బిల్లు 3,990. అందులో 20 శాతం 798. అద్దె మీద మాత్రమే అయితే 600. "పన్ను, భోజనం కాక గది అద్దె మీద" అన్న మాట ఉత్తరంలో తప్పకుండా ఉండాలి.

ఉత్తరం

> గౌరవనీయులైన ... గారికి, నమస్కారం.
>
> డిసెంబర్ 24 నుంచి 29 ఉదయం వరకు మీకు పది గదులు ఉంచుతున్నాం. నవంబర్ 9 సాయంత్రం 5 గంటలలోపు ఎన్ని గదులు కావాలో రాసి, గదికి ఒక రాత్రి అద్దె అడ్వాన్సు పంపగలరు. అడ్వాన్సు రాని గదులు ఆ గంటకు మాకు తిరిగి వచ్చినట్టే. విడిగా కబురు చేయం.
>
> డిసెంబర్ 3 సాయంత్రం 5 గంటలలోపు పేర్ల జాబితా పంపగలరు. పేర్లు రాని గదులను ఇతరులకు ఇస్తాం, వాటి అడ్వాన్సు తిరిగి ఇవ్వం.
>
> గడువులోపు పేర్లు వచ్చిన గదులకు 20 శాతం, ఆ తర్వాత మీరు అడిగితే ఖాళీని బట్టి ఇచ్చే గదులకు 15 శాతం కమీషన్. పన్ను, భోజనం కాక గది అద్దె మీద లెక్క. బృందం ఖాళీ చేసిన ఏడు రోజుల్లో చెల్లిస్తాం.
>
> మీ అంగీకారం రాతలో పంపగలరు.

నవంబర్ 8న ఒకసారి ఫోన్ చేసి గుర్తు చేయండి. 9న అయిదు దాటగానే అడ్వాన్సు రాని గదులను రిజిస్టరులో కొట్టేసి అమ్మకానికి పెట్టండి. మొహమాటానికి రెండు రోజులు ఆగితే, డిసెంబర్ 3న కూడా ఆగుతారనే ఆయన అనుకుంటారు.