కిస్తీ కట్టడానికి ఇంకో లోను కావాల్సొస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు

నరసాపురం పక్క ఊళ్లో పదేళ్లుగా డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. మూడు నాలుగు చోట్ల గ్రూపు లోన్లు తీసుకున్న ఇళ్లు ఏ దారిలో మునుగుతాయో దాదాపు ఒకే తీరుగా కనిపిస్తుంది. మొన్న నవంబరులో నా దగ్గరికొచ్చిన ఒక ఇంటి లెక్కతోనే చెబుతాను.

పైకి కనిపించేది

ఆమె అడిగింది ఒకటే. "అక్కా, పాత లోను మీద టాపప్ ఇస్తామంటున్నారు, తీసుకోనా?" ఎందుకమ్మా అంటే, మిగతా కిస్తీలు కట్టుకోవడానికట. ఒక లోను డబ్బు ఇంకో లోను కిస్తీకి పోవడం మొదలైందంటే అదే మొదటి గుర్తు. ఇంకొకటి కూడా ఉంది: కిస్తీలు కట్టే సెంటర్ మీటింగు ముందు రోజు రాత్రి పక్కింట్లో చేబదులు అడగడం. ఇది నెలకోసారి జరిగితే సర్దుబాటు అనుకోవచ్చు, వారం వారం జరిగితే కాదు.

అసలు ఎంత కడుతున్నారు?

ఈ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు. ఒకటి నెలకి, ఒకటి వారానికి, ఒకటి పదిహేను రోజులకి. వేరువేరుగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు, చిక్కంతా అక్కడే. అన్నీ నెల లెక్కలోకి మార్చాలి. వారం కిస్తీని 52తో హెచ్చవేసి 12తో భాగించాలి. పదిహేను రోజులదంటే నిజానికి రెండు వారాలకోసారి కాబట్టి 26తో హెచ్చవేసి 12తో భాగించాలి. నాలుగు వారాలే కదా అని 4తో హెచ్చవేస్తే తక్కువొస్తుంది, ఎందుకంటే కొన్ని నెలల్లో మీటింగు ఐదుసార్లు పడుతుంది.

50,000 లోనుకి నెలకి 2,650. వారానికి 650 కట్టేది నెలకి 2,817 అయింది. పదిహేను రోజులకి 980 కట్టేది 2,123. డ్వాక్రా బ్యాంకు లోనులో ఆమె వాటా 1,500. భర్త మోటారు సైకిలు ఫైనాన్సు 2,400. మొత్తం 11,490. ఆమె తొమ్మిది వేలనుకుంటోంది.

కారణం: ఫారంలో రాసిన ఆదాయం

రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రో ఫైనాన్స్ లోను. ఇల్లంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఆ ఇంటి అన్ని లోన్ల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. బండి ఫైనాన్సు కూడా ఇందులోకే వస్తుంది. మరి ఈ ఇంటికి 11,490 ఎలా కుదిరింది?

ఫారంలో నెల ఆదాయం 24,000 అని ఉంది. సగం 12,000 కాబట్టి కాగితం మీద అంతా సరిపోయింది. అంకె ఎవరు చెప్పారంటే, "సారే వేసుకున్నారక్కా, నేను సంతకం పెట్టాను" అంది. లోను రావాలని మనమూ ఊరుకుంటాం, అది ఒప్పుకోవాలి.

నిజం లెక్క ఏడాదికి వేశాం. భర్త రొయ్యల చెరువు మీద కాపలా, నెలకి 12,000. కానీ చెరువు పట్టేశాక మళ్లీ పిల్ల వదిలేదాకా జీతం ఉండదు. అలా ఎనిమిది నెలలకి 96,000, మిగతా నాలుగు నెలలు దొరికిన పనికి 20,000. ఆమె కూలి 60 రోజులు, రోజుకి 400 చొప్పున 24,000. (కోతలన్నీ మిషన్లకి పోయాక నాట్లు, కలుపులే మిగిలాయి ఆడవాళ్లకి.) లేసు అల్లకం 18,000. మొత్తం 1,58,000, అంటే నెలకి 13,200 లోపే. అందులో సగం 6,600. ఆమె కడుతున్నది దానికి దాదాపు ఒకటిముప్పావు రెట్లు.

పైగా ఈ 13,200 సగటు మాత్రమే. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక, వేసవిలో చేతికి అందులో సగం కూడా రాదు. కిస్తీకి మాత్రం వేసవి సెలవుల్లేవు.

టాపప్ ఎందుకు మందు కాదు

నెలకి 2,650 కట్టే మొదటి లోనులో ఇంకా 10 నెలల కిస్తీలున్నాయి. అసలు బాకీ 23,700 దాకా ఉంది. కొత్తగా 50,000 ఇస్తే అందులోంచి పాత బాకీ, ప్రాసెసింగు ఫీజు, ఇన్సూరెన్సు పట్టుకుని చేతికొచ్చేది 24,500 లోపే. కిస్తీ అంతే, 2,650. కానీ 10 నెలల్లో తీరాల్సింది మళ్లీ 24 నెలలకి వెళ్తుంది. అంటే ఈ 24,500 కోసం పైన 14 కిస్తీలు, 37,100 కట్టాలి. ఇది మోసం కాదు, రెండేళ్ల వడ్డీ. అయితే నెల కిస్తీ ఒక్క రూపాయి తగ్గకపోతే, మునిగే ఇంటికి దానివల్ల ఒరిగేదేంటి?

ఏం చేశాం

టాపప్ వద్దంది. వారం లోను ఆరు కిస్తీలు కడితే అయిపోతుంది. దాన్ని తీరనిచ్చి, మళ్లీ తీసుకోకూడదనుకున్నాం. అందరూ జారేది ఇక్కడే. ఆఖరి కిస్తీ రోజే కొత్త ఫారం చేతిలో పెడతారు.

పదిహేను రోజుల లోను బాకీ 12,800. దానికి సంఘం పొదుపులోంచి నూటికి రూపాయి వడ్డీకి 13,000 అంతర్గత అప్పు ఇచ్చాం, ఏడాదికి. నెల వాయిదా 1,155, అంటే 2,123 పోయి 1,155 వచ్చింది. మైక్రో ఫైనాన్స్ లోను ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. బ్రాంచికి వెళ్లి కట్టి, బాకీ లేదని కాగితం తెచ్చుకోమన్నాను. అప్పు మార్చి అప్పు చేయడం మంచిదేనా అంటే, నెల వాయిదా తగ్గి, వడ్డీ కూడా తగ్గినప్పుడే. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కిస్తీ కట్టడం దీనికి పూర్తిగా తిరగబడ్డ పని.

ఈ రెండూ అయ్యాక నెలకి 7,705. ఇంకా 6,600 పైనే. బండి ఫైనాన్సు ఏప్రిల్లో తీరుతుంది, అప్పుడు 5,305కి దిగుతుంది. అప్పటిదాకా చెరువు జీతం వస్తుంది కాబట్టి నెట్టుకురావచ్చు. బండి బాకీ ఆగస్టు దాకా ఉండుంటే ఈ పథకం కుదిరేది కాదు. బ్రాంచి మేనేజరుకి రాతపూర్వకంగా వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అడగాల్సొచ్చేది.

లెక్క ఎంత వేసినా కుదరకపోతే

మీకు తెలియని లోను మీ పేరు మీద ఉందేమో చూడండి. ఎవరికోసమో సంతకం పెట్టిన లోను కూడా మీ బాకీయే. సీఆర్ఐఎఫ్ హై మార్క్ లాంటి క్రెడిట్ బ్యూరోలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీరిపోయిన లోను అందులో ఇంకా బాకీగా కనిపిస్తే, ఆ బాకీ లేదనే కాగితం అప్పుడే అక్కరకొస్తుంది.

కిస్తీ తప్పాక ఇంటి మీదకొస్తే

ఆలస్య రుసుము తప్పిన కిస్తీ మీదే, మొత్తం లోను మీద కాదు. ఒప్పుకున్న సెంటరుకి వరసగా రెండుసార్లు వెళ్లకపోతేనే వసూలుకి ఇంటికి రావాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు, ఫోన్లు కూడా చేయకూడదు. బెదిరిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448 ఉంది.

ఏప్రిల్లో ఆమె మళ్లీ వచ్చింది. బండి కాగితాలు తెచ్చుకున్నారట. కిస్తీలు బాగా కడుతున్నావు, 60,000 ఇస్తామని సెంటర్లో సారు అన్నారట. "చేతికెంత వస్తుంది, నెలకెంత పెరుగుతుంది అని అడిగానక్కా. రేపు చెబుతానన్నాడు."