సేవ్ చేయని డ్రాయింగ్ పోతే ఎక్కడ వెతకాలి: మా ఆఫీసులో జరిగింది

సమస్య

విజయవాడలో మా చిన్న ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి రెండు నెలలైన కుర్రాడు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి కూర్చుని ఒక జీ ప్లస్ టూ ఇంటి ప్లాన్ ఆటోక్యాడ్‌లో గీస్తున్నాడు. సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, రెండు సెకన్లు కూడా ఆగలేదు. ఫైలుకి ఏం పేరు పెట్టావురా అంటే మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "Drawing1 అనే ఉందన్నా, ఆటోసేవ్ ఉంటుంది కదా" అన్నాడు. అంటే రోజంతా ఒక్కసారి కూడా సేవ్ కొట్టలేదు.

ముందు ఎక్కడ చూశాం

కరెంటు రాగానే కొత్తగా ఏమీ గీయనివ్వలేదు. ఆటోక్యాడ్ తెరిచి `DRAWINGRECOVERY` కొట్టాం. మధ్యలో ఆగిపోయిన ఫైళ్లుంటే పక్కన ఒక ప్యానెల్‌లో కనిపిస్తాయి. ఖాళీ. తర్వాత విండోస్ మీట, R కలిపి నొక్కి `%TEMP%` అని టైప్ చేసి, ఆ ఫోల్డర్లో `*.sv$` కోసం వెతికాం. ఆటోసేవ్ కాపీలు మామూలుగా అక్కడే ఉంటాయి. దొరికితే దాన్ని వేరే ఫోల్డర్లోకి కాపీ చేసుకుని, చివర్లో sv$ తీసేసి dwg అని మార్చి తెరవాలి, తెరుచుకోకపోతే `RECOVER` వాడాలి. మాకు అక్కడా ఏమీ దొరకలేదు.

కారణం

`SAVETIME` టైప్ చేస్తే విలువ 0 చూపించింది. మామూలుగా 10 ఉంటుంది, అంటే పది నిమిషాలకోసారి అని. సున్నా అంటే ఆటోసేవ్ పూర్తిగా ఆపేసినట్టే. అంతకుముందు ఆ సిస్టమ్ మీద పనిచేసినతను, పెద్ద లేఅవుట్ తెరిచినప్పుడల్లా ఆగి ఆగి నడుస్తోందని దాన్ని ఆపేశాడు. ఈ సెట్టింగ్ డ్రాయింగ్‌లో కాదు, ఆ కంప్యూటర్లో ఆ లాగిన్‌కి గుర్తుండిపోతుంది. అందుకే కొత్త సీట్లో కూర్చున్న రోజే చూసుకోవాలి. ఇక .bak ఫైలు సంగతి అంటారా, అది ఉన్న ఫైలు మీద మళ్లీ సేవ్ చేసినప్పుడు పుట్టేది, అసలు సేవే లేని ఫైలుకి ఎక్కడ నుంచి వస్తుంది?

దొరికినంత ఎలా రాబట్టాం

మధ్యాహ్నం ఇంజనీర్‌కి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపానని అప్పుడు గుర్తొచ్చింది వాడికి. ఆటోక్యాడ్ నుంచే ప్లాట్ చేసిన పీడీఎఫ్ అయితే అందులో నిజమైన గీతలే ఉంటాయి, స్కాన్ చేసిన బొమ్మ కాదు. `PDFIMPORT` తో లోపలికి తెచ్చాం. స్కేలు సరిగ్గా రాలేదు, కాబట్టి తొమ్మిదంగుళాల గోడ మందం కొలిచి, `SCALE` లో రిఫరెన్స్ ఎంచుకుని ఆ దూరాన్ని 230 మిల్లీమీటర్లు చేశాం. మిగతావన్నీ దాంతోపాటే సరిపోయాయి. అయినా రెండు మూడు గదుల కొలతలు ఆ పీడీఎఫ్‌లో రాసున్న కొలతలతో పోల్చి చూశాకే ముందుకెళ్లాం. గోడలు, తలుపుల గీతలు వచ్చేశాయి. డైమెన్షన్లు మాత్రం విడి గీతలైపోయాయి, బ్లాకులు బ్లాకులుగా రాలేదు, SHX అక్షరాలు గీతలుగా వస్తే వాటిని `PDFSHXTEXT` తో టెక్స్ట్‌గా మార్చాం. మధ్యాహ్నం తర్వాత గీసిన మెట్లు, ఎలివేషన్ పోయినట్టే, అవి మర్నాడు మళ్లీ గీశాడు.

పరిష్కారం

ఆ రాత్రే వాడి సిస్టమ్‌లో ఇవి మార్చాం:

```
SAVETIME      10
ISAVEBAK      1
SAVEFILEPATH  D:\Autosave
```

మూడోది ఎందుకంటే, టెంప్ ఫోల్డర్‌ని ఎవరో ఒకరు క్లీన్ చేసేస్తుంటారు. ఫోల్డర్ ముందే తయారు చేసి పెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఆటోసేవ్ మీ dwg ఫైలుని ముట్టుకోదు, పక్కన sv$ కాపీ రాస్తుంది, అంతే. మూసేటప్పుడు 'సేవ్ చేయాలా' అంటే 'నో' కొట్టారనుకోండి, ఆ కాపీ కూడా చెరిగిపోతుంది. అందుకే వాడిప్పుడు టెంప్లేట్ తెరవగానే మొదటి గీత గీయకముందే ప్రాజెక్ట్ పేరుతో సేవ్ చేస్తాడు, ఆ తర్వాత ఒక గది పూర్తయినప్పుడల్లా కంట్రోల్ ఎస్ కొడతాడు.

.bak మీద కూడా మరీ ధీమా వద్దు, అది ఒక్క అడుగు వెనకది మాత్రమే. పొరపాటున ఒక ఫ్లోర్ చెరిపేసి రెండుసార్లు సేవ్ కొడితే .bak లోనూ ఆ ఫ్లోర్ ఉండదు. దీనికి మందు తేదీ వారీ కాపీలే. సాయంత్రం వెళ్లేముందు ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో ఆ రోజు తేదీతో కొత్త ఫోల్డర్లోకి కాపీ చేస్తాడు, పాతదాని మీద రాయడు. కాపీలోంచి ఒక dwg తెరిచి చూసి, పెన్‌డ్రైవ్ తీసి బ్యాగులో వేసుకుంటాడు. సిస్టమ్‌కే గుచ్చి వదిలేస్తే వైరస్ వచ్చినా దొంగ పడినా రెండూ కలిసే పోతాయి.