ఎత్తు లెక్క – 3వ భాగం: 5.5 అంటే ఐదడుగుల ఐదంగుళాలు కాదు

ముందుగా గత భాగంలో ఇచ్చిన లెక్క చూద్దాం. ఐదడుగుల నాలుగంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చమన్నాను. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి ఐదడుగులకు 60, దానికి 4 కలిపితే 64 అంగుళాలు. 64ను 2.54తో గుణిస్తే 162.56 సెంటీమీటర్లు. ఈ 2.54 ఉజ్జాయింపు కాదు. 1959లో అమెరికా, బ్రిటన్‌తో సహా ఆరు దేశాలు ఒప్పందం చేసుకుని అంగుళాన్ని సరిగ్గా ఇంతే అని ఖరారు చేశాయి. జవాబులో తేడా వస్తే తప్పు మన లెక్కలో వెతుక్కోవాలి.

ఈసారి సెంటీమీటర్ల నుంచి అడుగుల్లోకి వెళదాం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు నేను అంకగణితం చెబుతాను. ఓసారి కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్న ఒక కుర్రాడు క్లాసు అయ్యాక ఆగాడు. రోజూ పొద్దున్నే ఇందిరా పార్కు వైపు పరుగుకు వెళ్లేవాడు. "ఎత్తు గురించి టెన్షన్ లేదు సార్, నాది ఫైవ్ పాయింట్ ఫైవ్. వాళ్లు అడిగేది కూడా అంతే" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగితే ఫోన్ తీసి చూపించాడు. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. కొన్ని ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఉంది, ఇతనికి అది వర్తించదు. అడుగుకు 30.48 సెంటీమీటర్లు కాబట్టి ఇలా భాగించాడు:

```
167.6 ÷ 30.48 = 5.4987
```

దాన్ని 5.5 అనుకున్నాడు. అంతవరకూ తప్పేమీ లేదు. ఆ 5.5ను "ఐదడుగుల ఐదంగుళాలు" అని చదవడంతోనే మొత్తం పోయింది.

పాయింట్ తర్వాత ఉన్న 5 అంగుళాలు కాదు, అడుగులో పదింట ఐదు వంతులు, అంటే అర అడుగు. అడుగంటే డజను అంగుళాలు. కొట్టులో అర డజను అరటిపళ్లు అడిగితే ఐదు ఇస్తే ఊరుకుంటామా? ఆరు ఇవ్వాలి. అలాగే 5.5 అడుగులంటే ఐదడుగుల ఆరంగుళాలు. నోటిఫికేషన్‌లో ఉన్న 167.6 కూడా అదే. 66 అంగుళాలను 2.54తో గుణిస్తే 167.64 వస్తుంది, అందులో చివరి అంకె వదిలేశారు.

మనం మాట్లాడేటప్పుడు ఐదడుగుల ఆరంగుళాలను "ఫైవ్ పాయింట్ సిక్స్" అనేస్తాం. పెళ్లి బయోడేటాల్లోనూ 5.6 అనే రాస్తాం. మాట్లాడుకునేటప్పుడు అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కాలిక్యులేటర్‌కు మాత్రం ఆ అలవాటు తెలియదు. దానికి 5.6 అంటే ఐదడుగుల ఏడంగుళాల పైచిలుకు. ఈ రెండు భాషలనూ కలపకూడదు.

అందుకే 30.48తో భాగించే పద్ధతిని నేను చెప్పను. ముందు అంగుళాల్లోకి వెళ్లి, ఆ తర్వాత అడుగులు విడదీయాలి. 2.54తో భాగిస్తే మొత్తం అంగుళాలు వస్తాయి. అందులోంచి ఐదడుగులకు 60 తీసేస్తే మిగిలినవే పై అంగుళాలు. ఆరడుగులు దాటినవాళ్లకైతే 72 తీసేయాలి.

నోటితోనే చేయాలంటే 152.4 అనే ఒక్క సంఖ్య గుర్తుంచుకోండి. అది సరిగ్గా ఐదడుగులు. 167.6లోంచి 152.4 తీసేస్తే 15.2. దాన్ని రెండున్నరతో భాగిస్తే ఆరుకు కాస్త పైన వస్తుంది, 2.54తో అయితే ఆరుకు వెంట్రుకవాసి తక్కువ. మనకు కావలసింది ఆరని తెలిసిపోతుంది.

ఆ కుర్రాణ్ణి అక్కడే కొలిచాం. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టాను. మడమలు గోడకు తగలాలి, మోకాళ్లు నిటారుగా ఉండాలి, చూపు ఎదురుగా నేలకు సమాంతరంగా ఉండాలి. గడ్డం పైకెత్తితే కొలత మారిపోతుంది. గట్టి అట్ట పుస్తకం ఒక అంచును గోడకు నిలువుగా ఆనించి, జుట్టు అణిగేలా నడినెత్తి మీదికి దించి, పుస్తకం అడుగు భాగం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను. నేల నుంచి ఆ గీత దాకా స్టీలు టేపుతో కొలిస్తే 165.2 వచ్చింది.

165.2లోంచి 152.4 పోతే 12.8. దాన్ని 2.54తో భాగిస్తే 5.04. నిజంగానే ఐదడుగుల ఐదంగుళాలు. తన ఎత్తు అతను సరిగ్గానే చెప్పాడు, నోటిఫికేషన్‌నే తప్పు చదివాడు. కావలసిన ఎత్తుకు 2.4 సెంటీమీటర్లు తక్కువ. మనిషి పొద్దున లేచినప్పుడు సాయంత్రం కన్నా సుమారు ఒక సెంటీమీటరు పొడవుగా ఉంటాడు. ఆ లాభం కలిపినా చాలదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదతను. ఎత్తు కొలత అడగని పోస్టులు ఏమున్నాయో మర్నాటి నుంచి ఇద్దరం కలిసి వెతికాం.

అమ్మాయిలకు ఇంతకన్నా సన్నని గీత ఉంది. అదే నోటిఫికేషన్‌లో మహిళలకు 152.5 సెంటీమీటర్లు అడిగారు. ఐదడుగులు 152.4 అని ఇప్పుడే చెప్పుకున్నాం. "నేను సరిగ్గా ఐదడుగులు, సరిపోతుంది" అనుకున్న అమ్మాయికి ఒక మిల్లీమీటరు తక్కువ పడుతుంది. ఇలాంటిచోట అడుగుల్లోకి మార్చడమే అనవసరం. వాళ్లు సెంటీమీటర్లలో అడిగితే మనమూ సెంటీమీటర్లలోనే కొలుచుకోవాలి.

దర్జీ టేపుతో కొలిచేవాళ్లకు ఒక మాట. ఆ టేపు ఒకవైపు 60 అంగుళాల దాకా, రెండోవైపు 150 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకోకండి. 60 అంగుళాలంటే 152.4. గోడ మీద 60 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, పైన మిగిలిన భాగాన్ని సెంటీమీటర్లలో కొలిచి 150కి కలిపితే 2.4 సెంటీమీటర్లు మాయమవుతాయి. మొదటి నుంచి చివరి దాకా టేపు ఒకే వైపు వాడాలి.

ఇక రాయడం. 174 సెంటీమీటర్లను అంగుళాల్లోకి మార్చితే 68.50 వస్తుంది, అంటే ఐదడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. దాన్ని తొమ్మిది చేసి రాసి, తర్వాత ఎవరైనా మళ్లీ సెంటీమీటర్లలోకి మార్చితే 175.26 అవుతుంది. మనిషి కాగితం మీదే పెరిగిపోయాడు. కాబట్టి టేపు మీద కనిపించిన సంఖ్యను, దాని యూనిట్‌తో సహా, ముందు రాసిపెట్టుకోండి. మార్చిన విలువ పక్కన వేరేగా ఉండాలి. అడుగుల్లో రాసేటప్పుడు పాయింట్ వాడకుండా "5 అ. 6 అం." అనండి. కంప్యూటర్ షీట్‌లో అయితే అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఇంకో గడి పెట్టండి. ఐదడుగుల పదంగుళాలను 5.10 అని కొడితే, షీట్ దాన్ని సంఖ్యగా తీసుకుని చివరి సున్నా తీసేసి 5.1 చూపిస్తుంది.

అభ్యాసం. ఒక స్కూలు రిజిస్టర్‌లో ఎత్తు "5.1" అని మాత్రమే ఉంది. అది ఐదడుగుల ఒక అంగుళమా, పదంగుళాలా, లేక నిజంగానే 5.1 అడుగులా? మూడింటినీ సెంటీమీటర్లలోకి మార్చి పక్కపక్కన రాయండి. ఆ మూడింట్లో ఏది నిజమో తేల్చడానికి ఆ రిజిస్టర్‌లోని మిగతా పిల్లల వరుసల్లో ఏం చూడాలో వచ్చే భాగంలో మొదలుపెడదాం.