తూము చిన్నదైతే: ఏటా పెంచాల్సిన సిప్ ఎక్కడ ఆగిపోతుంది

మా బావమరిది భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. 2021 ఏప్రిల్‌లో నెలకు రూ.5,000తో మ్యూచువల్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టాడు. జీతంతో పాటు అదీ పెరగాలని ఏటా 10 శాతం స్టెప్-అప్ పెట్టుకున్నాడు. కొన్ని ఫండ్ల ఫారాల్లో దీన్నే టాప్-అప్ అంటారు. 2025 దసరాకి పాలకొల్లు వచ్చినప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ నా ముందు పెట్టాడు.

"బావగారూ, ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు పడిందండీ. సిప్ మాత్రం పోయినేడాది ఎంతో ఇప్పుడూ అంతే."

"డబ్బు కట్ అవుతోందా?"

"ఆయ్, ఏడో తారీకు వచ్చేసరికి టంచనుగా కట్ అవుతోంది. అందుకే ఇన్నాళ్లూ గమనించలేదు."

బౌన్స్ అయితే బ్యాంకు ఫైన్ వేస్తుంది, కనీసం తెలుస్తుంది. ఇది అలా కాదు, చప్పుడు లేకుండా ఆగిపోయే రకం. స్టెప్-అప్ విషయంలో నేను చూసిన తేడాల్లో ఎక్కువ భాగం ఇదే, కాబట్టి ముందు దీని సంగతి తేలుద్దాం.

సమస్య: కిస్తీ కట్ అవుతోంది, కానీ పెరగడం ఆగిపోయింది

అతని కిస్తీలు వరసగా రాసి చూశాం. 2021లో 5,000, తర్వాత 5,500, ఆ తర్వాత 6,050, 2024లో 6,655. లెక్క ప్రకారం 2025 ఏప్రిల్‌లో 7,320 కావాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలూ 6,655 దగ్గరే నిలబడిపోయింది.

కారణం ఫండ్‌లో లేదు, మాండేట్‌లో ఉంది. మాండేట్ అంటే "నా ఖాతాలోంచి ఒక్కోసారి ఇంతవరకు తీసుకోవచ్చు" అని బ్యాంకుకి మనం ముందే రాసిచ్చే అనుమతి. 2021లో ఫారం నింపేటప్పుడు ఇతను "ఐదు వేలే కదా, ఏడు వేలు చాల్లే" అనుకుని గరిష్ఠ మొత్తం దగ్గర 7,000 వేశాడు. నాలుగేళ్లు ఇబ్బంది లేదు. ఐదో ఏట 7,320 అడగాల్సి వచ్చేసరికి అది పరిమితి దాటింది. ఫండ్ వాళ్లు ఆ పెంపు పక్కన పెట్టి పాత మొత్తమే తీసుకుంటూ పోయారు. కాలవలో నీళ్లెన్నున్నా చేలోకి తూము పట్టినంతే వస్తాయి, ఇదీ అంతే.

అన్ని చోట్లా ఇలాగే జరగదు. కొన్ని చోట్ల పెరిగిన మొత్తమే బ్యాంకుకి పంపుతారు, బ్యాంకు తిప్పికొడుతుంది, ఛార్జీ కూడా పడొచ్చు. నెలవారీ సిప్ అయితే వరసగా మూడు కిస్తీలు అలా పోతే సిప్ రద్దయిపోతుంది. అప్పటిదాకా కొన్న యూనిట్లు ఫోలియోలో, అంటే ఫండ్‌లో మన పేరు మీదున్న ఖాతాలో, భద్రంగానే ఉంటాయి, కొత్తవి కొనడం మాత్రం ఆగుతుంది.

ఆరు నెలల తేడా నెలకు 665 చొప్పున 3,990 రూపాయలే. "పోన్లెండి" అన్నాడు మావాడు. అప్పుడే ఇరవై ఏళ్ల లెక్క వేసి చూపించాను. ఏడాదికి 12 శాతం రాబడి వస్తుందని ఊహిస్తే (ఊహే, షేర్ మార్కెట్ ఎవరికీ మాటివ్వదు) 10 శాతం స్టెప్-అప్ చివరిదాకా నడిస్తే చేతికొచ్చేది సుమారు 99.4 లక్షలు. ఐదో ఏట నుంచి 6,655 దగ్గరే ఆగిపోతే సుమారు 62.6 లక్షలు. ఫారంలో ఒక గడిలో వేసిన ఏడు వేలు దాదాపు 37 లక్షల తేడా తెచ్చింది. కట్టే డబ్బు కూడా తగ్గుతుంది కాబట్టి అదంతా నష్టమని అనను. కానీ ఇతను అనుకున్న గమ్యం మాత్రం అది కాదు.

పరిష్కారానికి ముందు ఆఖరి ఏడాది కిస్తీ ఎంత అవుతుందో లెక్క వేయాలి. మొదటి ఏడాది పెంపు ఉండదు కాబట్టి ఇరవై ఏళ్లకు పెంపులు పంతొమ్మిదే. ఎక్సెల్‌లో ఏ గడిలోనైనా ఇది కొట్టండి:

```
=5000*1.10^19
```

వచ్చేది 30,580. మాండేట్ పరిమితి కనీసం అంత ఉండాలి, మేం 35,000 పెట్టాం. ఇక్కడే మా మరదలు అడ్డుపడింది: "అమ్మో, నెలకి ముప్పై ఐదు వేలు లాగేస్తారా?" లాగరు. అది హద్దు మాత్రమే, ఆ నెల సిప్ ఎంతో అంతే కట్ అవుతుంది. ఈ భయంతోనే చాలామంది చిన్న అంకె వేసేస్తారు.

పాత మాండేట్ మీద అంకె దిద్దడం సాధారణంగా కుదరదు, కొత్తది చేయించాలి. నెట్ బ్యాంకింగ్‌తోనో డెబిట్ కార్డుతోనో ఆధార్‌తోనో ఆన్‌లైన్‌లోనే అవుతుంది, బ్యాంకు ఆమోదానికి కొద్ది రోజులు పడుతుంది. చాలామంది ఇంతటితో పనైపోయిందనుకుంటారు. సిప్ ఇంకా పాత మాండేట్‌కే కట్టేసి ఉంటుంది. దాన్ని కొత్తదానికి మార్చే వీలు యాప్‌లో ఉంటే మార్చాలి. లేకపోతే 7,320తో, అదే 10 శాతం స్టెప్-అప్‌తో, అదే ఫోలియోలో కొత్త సిప్ రాయించి పాతది రద్దు చేయాలి. తేదీలు చూసుకోండి, రెండూ ఒకే నెలలో కట్ అయితే ఆ నెల ఇల్లు గడవడం కష్టమవుతుంది. యూపీఐ ఆటోపే వాడేవాళ్లకు కూడా ఇదే సూత్రం. మ్యూచువల్ ఫండ్లకు పిన్ అడగకుండా కట్ అయ్యే పరిమితిని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో 15,000 నుంచి లక్షకు పెంచింది. కానీ మీ మాండేట్‌లో మీరు వేసుకున్న అంకె దానంతట అది పెరగదు.

సెప్టెంబరు దాకా తప్పిపోయిన 3,990ని అదే ఫోలియోలో ఒకేసారి అదనంగా కొనిపించాం.

సమస్య: పెరుగుతోంది, కానీ లెక్క కుదరడం లేదు

ఏటా సరిగ్గా 500 పెరుగుతూ ఉంటే మీ స్టెప్-అప్ శాతంలో లేదు, రూపాయల్లో ఉంది. ఫారంలో రెండు గడులుంటాయి. 5,000 మీద 10 శాతమన్నా 500 అన్నా మొదటి పెంపు ఒకటే, అందుకే రెండో ఏట పోల్చి చూసినా తప్పు బయటపడదు. మూడో ఏట పట్టుబడుతుంది: 6,050 ఉండాల్సిన చోట 6,000 ఉంటుంది. యాభై రూపాయలే కదా అని వదిలేయకండి. ఇరవయ్యో ఏటికి ఒకటి 30,580, రెండోది 14,500. అప్పటికి ఆ 500 మీ కిస్తీ మీద నాలుగు శాతం కూడా ఉండదు, జీతం మాత్రం ఎక్కడికో వెళ్లి ఉంటుంది. ఆఖరి మొత్తం 99.4 లక్షలకు బదులు 79 లక్షల చిల్లర దగ్గర ఆగుతుంది.

శాతం గడి ఉంటే అది ఎంచుకుని కొత్తగా రాయించండి. లేకపోతే రెండు మూడేళ్లకోసారి తక్కువైనంత మేరకు పక్కన ఇంకో చిన్న సిప్ మొదలుపెట్టడం తేలిక.

సమస్య: "పిల్లల ఫీజులైపోయాక పెంచుదాంలే" అనుకున్నాం, ఇప్పుడు చాలడం లేదు

స్టెప్-అప్ ప్రకటనల్లో చెప్పని మాట ఒకటుంది. పెంచకుండా 5,000 మాత్రమే ఇరవై ఏళ్లు కడితే, అదే 12 శాతం ఊహతో సుమారు 50 లక్షలు వస్తాయి. పెంచుతూ పోతే 99.4 లక్షలు. రెట్టింపు అని మురిసిపోతాం. కానీ మొదటి దారిలో కట్టింది 12 లక్షలు, రెండో దారిలో 34 లక్షల పైచిలుకు, అంటే దాదాపు మూడింతలు. మూడింతలు కట్టి రెండింతలే వచ్చిందేమిటంటే, పెద్ద కిస్తీలన్నీ చివరి ఏళ్లలో పడ్డాయి, వాటికి పెరిగే వ్యవధి దొరకలేదు. సంక్రాంతి ముందు వదిలిన రొయ్య పిల్లని సంక్రాంతికే పట్టేస్తే ఎంత తూకం వస్తుంది?

కాబట్టి బరువంతా మొదటి పెంపుల మీదే ఉంటుంది. తొలి ఐదేళ్లు 5,000 దగ్గరే ఉండి, ఆరో ఏట నుంచి 10 శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్తే వచ్చేది సుమారు 72.5 లక్షలు. ఆ ఆలస్యం వల్ల 27 లక్షలు తగ్గాయి. ఇప్పటికే ఆ ఏళ్లు పోయినవాళ్లు శాతాన్ని 15కో 20కో లాగకండి. ఆగిపోయిన నాలుగు మెట్లూ ఒకేసారి ఎక్కి 7,320కి సవరించుకోండి, అక్కణ్ణుంచి ఆరో ఏట పెంపుతో మామూలుగా 10 శాతం. ఈ ఏడాది చెయ్యి ఆడకపోతే రెండేళ్లలో ఎక్కండి.

సమస్య: కొన్నేళ్లకి కిస్తీ జీతాన్ని మింగేస్తోంది

కారణం సులువే: జీతం 6 శాతం పెరుగుతుంటే సిప్ 10 శాతం పెంచారు. 45,000 జీతానికి 5,000 అంటే 11 శాతం. ఇరవయ్యో ఏటికి జీతం 1.36 లక్షలు, కిస్తీ 30,580, అంటే 22 శాతం దాటింది. ఇల్లు, పెళ్లిళ్లు, ఆస్పత్రులు ఆ ఏళ్లలోనే వస్తాయి. మధ్యలో ఆపేసేవాళ్లు ఎక్కువగా ఇలాగే ఆపుతారు.

గత మూడు నాలుగేళ్ల జీతం చీటీలు తీసి చూడండి, చేతికొచ్చే జీతం నిజంగా ఎంత పెరిగిందో తెలుస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులు పీఆర్సీ వచ్చిన ఏడాది ఒకేసారి వచ్చిన పెంపుని సగటు అనుకోకూడదు. 6 శాతమే తేలితే 6 పెట్టండి: సుమారు 73.7 లక్షలు వస్తాయి, కట్టేది 22 లక్షలు. పెద్ద పెంపు వచ్చిన ఏడాది చేత్తో ఇంకొంచెం వేయొచ్చు. స్టెప్-అప్ నెలను ఇంక్రిమెంటు నెల తర్వాత రెండు నెలలకి పెట్టుకోవడం నయం. మన వైపు ప్రైవేటు కంపెనీల్లో ఏప్రిల్ పెంపు జూన్‌లో చేతికి రావడం మామూలే.

సమస్య: రెండు క్యాలిక్యులేటర్లు రెండు అంకెలు చెబుతున్నాయి

రెండూ తప్పు కాదు. చాలావాటిలో 12 శాతాన్ని 12తో భాగించి నెలకు 1 శాతం అంటారు, చక్రవడ్డీతో అది ఏడాదికి 12.68 అవుతుంది. ఏడాదికి కచ్చితంగా 12 పెట్టేవి 99.4 బదులు 93 లక్షలు చూపిస్తాయి. పైన నేను వేసినవన్నీ మొదటి రకం లెక్కలు. మీరే సరిచూసుకోవాలంటే:

```
=5000*1.01*((1.01^12-1)/0.01)*((1.01^240-1.1^20)/(1.01^12-1.1))
```

మావాడి కొత్త మాండేట్ పది రోజుల్లో ఆమోదమైంది, నవంబరు ఏడున 7,320 కట్ అయింది. 2026 ఏప్రిల్‌లో 8,052 కట్ కావాలి. ఆ అంకెని ఏప్రిల్ ఎనిమిదో తారీకు కింద ఫోన్‌లో గుర్తు పెట్టించాను. ఏడున ఎంత కట్ అయిందో దానితో పోల్చుకుంటాడు.