డిపాజిట్టు కోతకు “దేనికెంత?” అని జవాబు వస్తే

సమస్య: ఇల్లు ఖాళీ చేసిన వ్యక్తికి మీరు ఇలా రాశారు: “రంగులు, తాళం, శుభ్రం, కరెంటు కలిపి 9,500 పోను మిగతాది పంపుతున్నాను.” మర్నాడే జవాబు వచ్చింది: “దేనికెంత?”

కారణం: నాలుగు పద్దులు ఒకే మొత్తంలో కలిసిపోయాయి. అందులో ఒక్కటి అన్యాయంగా తోచినా చదివేవారు మొత్తం లెక్కనే అనుమానిస్తారు. నిజం చెప్పాలంటే, విడదీసి రాయడం మొదలుపెడితే కొన్ని పద్దులు మనకే నిలబడవని తెలుస్తుంది.

పరిష్కారం: ఒక్కో పద్దుకు ఒక్కో వరుస కేటాయించండి. ఏ గదిలో ఏ వస్తువు, చేరినప్పుడు ఎలా ఉంది, ఖాళీ చేసినప్పుడు ఎలా ఉంది, లెక్క ఎలా కట్టారు, ఆధారం ఏమిటి అన్నవి అందులో ఉండాలి.

పై 9,500లో రంగులకు వేసింది 6,000. రెండు గదులకూ రంగు వేయించారు కాబట్టి మొత్తం బిల్లు అతని ఖాతాలో పడింది. కానీ అతనివల్ల చెడింది హాలులో టీవీ బిగించిన గోడ ఒక్కటే. మిగతా గోడల రంగు కాలంతో పాటు వెలిసిపోయింది, అది మామూలు వాడకం కిందికి వస్తుంది. ఆ ఒక్క గోడకు అయిన ఖర్చు 1,500. రంగు అయిదేళ్లు నిలుస్తుందనుకుంటే, అది వేసి అప్పటికే మూడేళ్లయింది. అంటే మిగిలిన రెండేళ్ల విలువే అడగాలి:

“హాలు, టీవీ గోడ: ఆరు రంధ్రాలు, పెచ్చులు ఊడాయి. చేరిన రోజు ఫోటోలో గోడ బాగుంది. గోడ ఖర్చు 1,500లో అయిదింట రెండు వంతులు: 600. రెండు ఫోటోలు, బిల్లు జతపరిచాను.”

ముందుగది తాళంచెవి తిరిగి ఇవ్వకపోవడంతో తాళం మార్చినందుకు 900, బిల్లుతో సహా ఉంచవచ్చు. కరెంటు బిల్లు 1,600 అయినా, ఖాళీ చేసిన రోజు మీటరు రీడింగు వరకు అతని వంతు 1,200 మాత్రమే. శుభ్రానికి వేసిన 1,000కి ముందరి ఫోటో లేదు, బిల్లూ లేదు. దాన్ని వదిలేయడమే మేలు.

డిపాజిట్టు 40,000 అనుకుంటే చివరి వరుసలు ఇలా ఉంటాయి: కోతలు 600 + 900 + 1,200 = 2,700; తిరిగి ఇచ్చేది 37,300.

పని ఇంకా కాకపోతే: మేస్త్రీ చెప్పిన మొత్తం పక్కన “అంచనా” అని రాసి, అసలు బిల్లు ఏ తేదీకి పంపుతారో చెప్పండి. బిల్లు తక్కువైతే తేడా వెనక్కి పంపాలి.

విడదీసినా ఒప్పుకోకపోతే: సాధారణంగా పేచీ ఒక వరుస మీదే ఉంటుంది. ఆ మొత్తాన్ని మాత్రం ఆపి, మిగతాది ఒప్పందంలోనూ మీ చోటి చట్టంలోనూ ఉన్న గడువులోగా పంపేయండి. 600 మీద మాట తేలలేదని 37,300 పట్టుకు కూర్చుంటే, పేచీ రంగు దాటి మీ మీదికి మళ్లుతుంది.