జీతం రోజునే సిప్ బౌన్స్ అవుతోందా? ముందు పాస్‌బుక్ చూడండి

సమస్య: జీతం చేతికి రాగానే పొదుపు పక్కకు వెళ్లిపోవాలని 1వ తేదీకి మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా మదుపు చేసే సిప్ పెట్టుకున్నారు. రెండు నెలలు బాగానే కట్ అయింది. మూడో నెల డబ్బు చాలలేదని మెసేజ్ వచ్చింది, బౌన్స్ ఛార్జీ పడింది. జీతం మాత్రం మర్నాడే వచ్చింది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో జీతాలు వేసేది నేనే. ఈ గోడుతో వచ్చినవారిని పాస్‌బుక్ ప్రింట్ వేయించుకున్నారా అని అడిగితే, దాదాపు అందరూ లేదంటారు. దయచేసి ముందు ఆ పని చేయండి.

కారణం: పాస్‌బుక్‌లో తేదీ కాదు, వరుస చూడాలి. సిప్ కోత పై వరుసలో, జీతం కింది వరుసలో ఉంటే, ఆ నెల సిప్ కట్టింది కొత్త జీతం కాదు, పాత మిగులు. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. నా సిప్ 3,000 రూపాయలు. డిసెంబరు 1న ఉదయం ఖాతాలో 6,500 ఉంది, కట్ అయింది. జనవరి 1న 3,400 ఉంది, అప్పుడూ కట్ అయింది. రెండుసార్లూ జీతం సాయంత్రమే వచ్చినా నేను గమనించలేదు. 2026 ఫిబ్రవరి 1 ఆదివారం. ఉన్నది 1,200. ఆఫీసుకు సెలవు కాబట్టి జీతం సోమవారం పడింది. కోత మాత్రం ఆదివారమే వచ్చింది, ఎందుకంటే 2021 ఆగస్టు 1 నుంచి, సిప్‌లాంటి వాయిదాలను ఖాతా నుంచి తనంతట తానే తీసుకునే నాచ్ వ్యవస్థ కోతలు సెలవు రోజుల్లోనూ నడుస్తున్నాయి. ఛార్జీ 300, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 354 పోయింది.

పరిష్కారం: గత 12 నెలల్లో జీతం అన్నిటికంటే ఆలస్యంగా పడిన తేదీ వెతకండి. అది 3 అయితే సిప్‌ను 5కు పెట్టండి. పాత సిప్ తేదీ మార్చడం కుదరకపోతే 5వ తేదీతో కొత్తది మొదలుపెట్టి, పాతదాన్ని ఆపండి. ఆపమని చివరి రోజున చెబితే ఆ నెల కోత ఆగదు, కొన్ని పనిదినాల ముందే చెప్పాలి. అలాగని బౌన్స్‌లను పట్టించుకోకుండా వదిలేయకండి: నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు తప్పితే రద్దవుతుంది.

మరి 1 నుంచి 5 లోపు డబ్బు ఖర్చయిపోతే? జీతం ఖాతాను యూపీఐ నుంచి తీసేయండి. ఫోనుకు వేరే ఖాతా కలిపి, జీతం పడిన రోజున ఇంటి ఖర్చుకు సరిపడా మాత్రమే అందులోకి పంపండి. సిప్ సొమ్ము, బ్యాంకు అడిగే కనీస నిల్వ జీతం ఖాతాలోనే ఉండాలి. కిరాణా కొట్టు దగ్గర ఫోను తీసినప్పుడు ఆ డబ్బు కనిపించదు, అంతే.

పాస్‌బుక్‌లో జీతమే ముందుండి కూడా కోత తప్పితే, ఖాతా నుంచి కోసుకోవడానికి మీరు బ్యాంకుకు ఇచ్చిన అనుమతి, అంటే మాండేట్, గడువు ముగిసిందేమో, దాని పరిమితి సిప్ మొత్తం కంటే తక్కువుందేమో చూడండి. ఇవి అరుదు, బ్యాంకులో అడిగితే అక్కడే తేలిపోతాయి.