కుకీలు తుడిచేస్తే ఫ్లైట్ టికెట్ రేటు తగ్గుతుందా?

కావలిలో మాది చిన్న నెట్ సెంటర్. ఆధార్ ప్రింట్లు, ఫీజు చలాన్ల మధ్యలో చెన్నై నుంచి, రేణిగుంట నుంచి విమానం టికెట్లు కూడా తీసిస్తుంటాం. కుర్చీలో కూర్చోగానే చాలామంది చెప్పే మాట ఒకటే: "అన్నా, ఆ నల్ల విండోలో తెరువు, మామూలుగా చూస్తే రేటు పెంచేస్తాడంట." సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే కుకీలను బట్టి మనం ముందే చూశామని గుర్తుపట్టి రేటు పెంచుతుందని, ఇన్‌కాగ్నిటో అనే ఆ నల్ల విండోలో పాత కుకీలు ఉండవు కాబట్టి రేటు పెరగదని వాళ్ల నమ్మకం. ఇన్‌కాగ్నిటో తెరవడానికి నాకేం కష్టం లేదు. కానీ రేటు పెరగడానికి కారణం మామూలుగా వేరే చోట ఉంటుంది.

సమస్య: ఒక్కరికి చూస్తే తక్కువ, నలుగురికి చూస్తే ఎక్కువ

మొన్న ఒక అక్క వచ్చింది. ఢిల్లీలో పెళ్లి, ఇంట్లో నలుగురూ పెద్దవాళ్లే. రాత్రి ఫోన్‌లో ఊరికే చూసినప్పుడు చెన్నై-ఢిల్లీ 6,400. పొద్దున నలుగురికీ కొడితే తలకు 7,900. "నేను చూశానని తెలిసిపోయింది తమ్ముడూ" అని ఆమె అనుమానం. కుకీలన్నీ తుడిచి మళ్లీ చూసిందట, అదే 7,900.

కారణం: విమానంలో సీట్లన్నీ ఒకే రకంగా కనిపించినా ఎయిర్‌లైన్ వాటిని రేటును బట్టి మెట్లుగా విడదీస్తుంది. ఒక్కో మెట్టుకు ఒక అక్షరం. ఏజెంట్ల స్క్రీన్ మీద అది ఇలా కనిపిస్తుంది:

```
Y9 M9 K2
```

K మెట్టులో రెండు సీట్లే మిగిలాయని అర్థం. 9 అంటే తొమ్మిదో, అంతకంటే ఎక్కువో. ఏ అక్షరం చవకన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. ఇక్కడ K చవకది అనుకుందాం. నలుగురికి ఒకేసారి అడిగితే, నాలుగు సీట్లూ దొరికే మెట్టు ఏదో వెతికి అందరికీ అదే రేటు వేస్తుంది. ఇద్దరికి చవగ్గా, ఇద్దరికి ఎక్కువకు అని మామూలుగా విడగొట్టదు.

పరిష్కారం: ఆమె ఎదుటే ఒక్కరికి కొట్టి చూశాను, 6,400. ఇద్దరికి, అదే. ముగ్గురికి కొట్టగానే 7,900 అయింది. అంటే చవక సీట్లు రెండే. ఆ ఇద్దరికి ముందు తీసి, మిగతా ఇద్దరికి 7,900 చొప్పున విడిగా తీశాం. మొత్తం 31,600 కావాల్సింది 28,600కే అయిపోయింది. ఇన్‌కాగ్నిటో తెరవనే లేదు.

అయితే పీఎన్‌ఆర్‌లు రెండు అవుతాయి. ఫ్లైట్ రద్దయితే ఇద్దరిని ఒక విమానంలో, ఇద్దరిని ఇంకోదాంట్లో వేసే ప్రమాదం ఉంది. చంటిబిడ్డలు, చిన్నపిల్లలు ఉంటే ఒక పెద్దమనిషి అదే పీఎన్‌ఆర్‌లో ఉండేలా చూసుకోండి. పక్కపక్క సీట్ల సంగతి కూడా చెప్పే తీస్తాను, తర్వాత తిట్లు నాకే పడతాయి కాబట్టి.

సమస్య: పేమెంట్ ఫెయిలైంది, మళ్లీ చూస్తే రేటు పెరిగింది

ఇన్‌కాగ్నిటోకి ఇంత పేరు రావడానికి కారణం ఇదేనని నా లెక్క. పేర్లన్నీ నింపి డబ్బు కట్టే పేజీకి వెళ్లాక చాలా చోట్ల సిస్టమ్ ఆ సీట్లను కాసేపు మీ కోసం పక్కన పెడుతుంది. ఓటీపీ రాక, యూపీఐ తిరుగుతూ ఆగిపోతే ఆ సీట్లు వెంటనే వెనక్కి రావు. మీరు మళ్లీ వెతికేసరికి చవక మెట్టు ఖాళీ. అంటే మీకు అడ్డం పడింది మీ పాత బుకింగే! ఈలోగా ఎవరో చెప్పారని కుకీలు తుడిచి, నల్ల విండో తెరిచేసరికి గడువు తీరి సీట్లు తిరిగొస్తాయి, రేటు దిగుతుంది. పేరు మాత్రం విండోకి.

పరిష్కారం: ముందు బ్యాంకు మెసేజ్, సైట్‌లో "మై బుకింగ్స్" చూడండి. డబ్బు కట్ అయి టికెట్ పెండింగ్‌లో ఉంటే రెండోసారి కట్టొద్దు. కట్ కాకపోతే ఒక ఇరవై నిమిషాలు, అరగంట ఆగి చూడండి. అప్పటికీ దిగకపోతే ఆ సీట్లు నిజంగానే వేరేవాళ్లు కొనేసుకుని ఉండొచ్చు.

సమస్య: లిస్టులో ఒక రేటు, నొక్కాక ఇంకో రేటు

రేట్లు పోల్చి చూపించే సైట్లు ప్రతిసారీ ఎయిర్‌లైన్‌ను అడగవు, కాసేపటి క్రితం దొరికిన రేటునే చూపిస్తుంటాయి. మీరు నొక్కాకే అసలు రేటు తెప్పిస్తాయి. ఆ పాత రేటు ఉండేది వాళ్ల సర్వర్‌లో. మీ ఫోన్‌లో కుకీలు తుడిస్తే దానికి ఏమీ కాదు. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి, అంతే.

ఇంకా అనుమానం ఉంటే

మామూలు విండో, ఇన్‌కాగ్నిటో రెండూ ఒకే నిమిషంలో తెరవండి. రెండింటిలోనూ లాగిన్ వద్దు. అదే ఫ్లైట్, అదే తేదీ, అంతే మంది. డబ్బు కట్టే పేజీ దాకా పోయి మొత్తాలు పోల్చండి, కానీ ఒకరికే కొట్టి చూడండి, లేకపోతే రెండు విండోలూ ఒకే సీట్ల కోసం కొట్టుకుంటాయి. తేడా కనిపిస్తే మొదట చూడాల్సింది కూపన్, రెండోది సైట్‌లో ఎంచుకున్న దేశం, కరెన్సీ. ఇన్‌కాగ్నిటోలో లాగిన్ పోతుంది కాబట్టి మెంబర్లకిచ్చే తగ్గింపు పోయి, ఒక్కోసారి రేటు అక్కడే ఎక్కువ చూపిస్తుంది.